కౌలు సర్వేలో తాళం వేసిన ఇళ్ళు, తలుపు వేసిన ఇళ్ళు

ప్రశ్న: కోనసీమలో ఐదు ఊళ్ళల్లో కౌలు రైతుల మీద పీహెచ్‌డీ సర్వే చేస్తున్నాను. జాబితాలోంచి లాటరీ తీసి ఊరికి 48 చొప్పున 240 ఇళ్ళు ఎంచుకున్నాం. ఒక విడత తిరిగేసరికి 103 మందే పూర్తిగా చెప్పారు. ప్రశ్నలు 68, ఒక్కొక్కరికి 50 నిమిషాలు పడుతోంది. మిగతావాళ్ళకి రోజూ వాట్సాప్‌లో గుర్తుచేయొచ్చా? దొరకనివాళ్ళ బదులు పక్కింటివాళ్ళని తీసుకుంటే తప్పా? 70 శాతం రాకపోతే మా గైడ్ ఒప్పుకోరు.

సమాధానం:

పక్కింటివాళ్ళు వద్దు, రోజూ మెసేజ్ కూడా వద్దు. ఎందుకో చెప్తాను. కానీ దానికంటే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. మిగిలిన ఆ 137 ఇళ్ళనీ ఒకే కుప్పగా చూడటం మానేయండి.

నేను డెల్టాలో ఇటు కోనసీమ, అటు నరసాపురం, పాలకొల్లు వైపు చాలా ఏళ్ళు సర్వే బృందాలని తిప్పాను. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడి రిజిస్టర్‌లోనూ ఒకటే మాట కనిపిస్తుంది: "రాలేదు". రాలేదంటే ఏమిటి? తాళం వేసి ఉందా? మనిషి ఉన్నాడు గానీ నాట్ల తొందరలో రేపు రమ్మన్నాడా? మొహం మీదే వద్దన్నాడా? సగం చెప్పి లేచిపోయాడా? అసలు కౌలు మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడా? ఈ ఐదింటికీ ఐదు మందులు. రిమైండర్ అనేది వీటిలో రెండిటికే పనికొస్తుంది. మిగతావాటికి వాడితే రోగం ముదురుతుంది.

లెక్క కోసం మీ 137 ఇలా విడిపోయాయని అనుకుందాం. తాళం వేసినవి, ఎవరూ కలవనివి 61. తర్వాత రమ్మన్నవి 22. గట్టిగా వద్దన్నవి 24. మధ్యలో ఆపేసినవి 12. కౌలు చేయనివాళ్ళు, ఊరు వదిలినవాళ్ళు 18. మీ రిజిస్టర్ చూసి అసలు అంకెలు వేసుకోండి. దారి మాత్రం ఇదే.

ఆ 18 ఇళ్ళూ మీ సర్వే పరిధిలోకే రావు కాబట్టి లెక్కలోంచి తీసేయడం న్యాయమే. మిగిలినవి 222. అమెరికాలో ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం ఏఏపీఓఆర్ అని ఒకటుంది. స్పందన రేటు ఎలా లెక్కకట్టాలో వాళ్ళు రాసిన ప్రమాణాలనే అందరూ వాడతారు. అందులో అన్నిటికంటే కఠినమైన సూత్రం ఇది:

```
RR1 = I / ((I+P) + (R+NC+O) + (UH+UO))
    = 103 / ((103+12) + (24+22+0) + (61+0))
    = 103 / 222
    = 46.4 %
```

I అంటే పూర్తయినవి, P సగంలో ఆగినవి, R వద్దన్నవి, NC అర్హులని తెలిసినా ఇంకా సర్వేకి చిక్కనివి, ఇక్కడ తర్వాత రమ్మన్నవి, O ఇతర కారణాలు. UH, UO అంటే అర్హులో కాదో ఇంకా తేలనివి. తాళం వేసిన ఇళ్ళు ఇక్కడికి వస్తాయి. సరిగ్గా ఇక్కడే చాలామంది చేతివాటం చూపిస్తారు. ఆ 61 ఇళ్ళని "మేము కలవలేదు కదా" అని కిందనుంచి తీసేస్తే 103కి 161, అంటే 64 శాతం వచ్చేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కలిసినవాళ్ళలో ఎంతమంది సహకరించారో చెప్పే అంకె అది. ఆ పేరుతో రాస్తే తప్పు లేదు గానీ, స్పందన రేటు అని రాస్తే అబద్ధం.

పక్కింటివాళ్ళ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. మీరు పగలు పదకొండింటికి వెళ్ళినప్పుడు తాళం వేసి ఉన్న ఇల్లు ఎవరిది? ఆలుమగలిద్దరూ పనిలోకి పోయినవాళ్ళది. అదే సమయంలో అరుగు మీద కూర్చుని మీకు దొరికే పక్కింటాయన ఎవరు? వయసు మీరినవాడో, సొంత చేను ఉన్నవాడో, కూలికి పోనక్కర్లేనివాడో అయి ఉంటాడు. మీరు వెతికేది మొదటివాళ్ళని, మీ కాగితాల్లోకి ఎక్కేది రెండోవాళ్ళు. రేటు 100 శాతం వస్తుంది, సర్వే మాత్రం వేరే జనం మీద చేసినట్టవుతుంది. పైగా లాటరీ తీయడానికి అర్థమే పోతుంది.

ఇప్పుడు తాళం వేసిన ఇళ్ళ దగ్గరికొద్దాం. ఇక్కడ మార్చాల్సింది వెళ్ళే వేళ. ఎన్నిసార్లు వెళ్ళామన్నది ఆ తర్వాతి సంగతి. ఒకే ఇంటికి ఆరుసార్లు పగలే వెళ్ళి "ఆరుసార్లు తిరిగానండీ" అని చెప్పిన కుర్రాళ్ళు నాకు తెలుసు. కౌలు చేసే మనిషి పొద్దున్నే తన చేలో నీరు చూసుకుని, తర్వాత ఇంకొకరి చేలోకి కూలికి వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తాడు. తిని కాసేపు నడుం వాలుస్తాడు. అయిదు దాటాక మనిషి చిక్కుతాడు. ఆదివారం పొద్దున చాలా పేటల్లో చర్చికి వెళ్తారు, మూడు తర్వాత ఇంట్లో ఉంటారు. అందుకని మొదటిసారితో కలిపి నాలుగుసార్లు వెళ్ళండి. ఒకటి పొద్దున ఏడులోపు, ఒకటి సాయంత్రం, ఒకటి ఆదివారం మధ్యాహ్నం ఉండాలి. ప్రతిసారీ తేదీ, గంట రాయాలి. ఈ నాలుగు వేళల్లోనూ దొరక్కపోతే ఆ ఇంటిని దొరకనిదిగానే మూసేయండి.

నెల ఇంకా ముఖ్యం. సార్వా నాట్లప్పుడూ, కోతలప్పుడూ వెళ్తే మీరు పని చెడగొట్టడానికి వచ్చినట్టే. దాళ్వా కోసి ధాన్యం అమ్ముకున్నాక, కాలువలు కట్టేసిన రోజులుంటాయి చూశారూ, సుమారు ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటివారం దాకా, అదే సర్వేకి మంచి కాలం. ఎండకి భయపడి మన బృందాలే వెళ్ళవు. సంక్రాంతి వారం గురించి ఒక మాట. వలసపోయినవాళ్ళు ఊళ్ళో దొరికేది అప్పుడే కాబట్టి ఆశ పుడుతుంది. కానీ ఇంటినిండా చుట్టాలు, అందరి ముందూ యజమానికి కట్టే మక్తా లెక్కలు ఎవడు చెప్తాడు? ఆ వారం వెళ్ళి పలకరించి, ఫోన్ నంబర్ ఇవ్వడం ఇష్టమేనా అని అడిగి, తర్వాత మాట్లాడటమే మేలు.

తాళం ఉన్న ఇంటి దగ్గర ఒక చీటీ వదలండి. మీ పేరు, యూనివర్సిటీ, ఫోన్ నంబర్, మళ్ళీ ఎప్పుడొస్తారో చాలు. చీటీ మీద "కౌలు" అనే మాట మాత్రం రాయకండి. తలుపు సందులో పెట్టిన కాగితం మొదట చదివేది ఎవరో మనకి తెలియదు. "వ్యవసాయం మీద చదువుకి సంబంధించిన సర్వే" అంటే సరిపోతుంది.

వాట్సాప్ విషయంలో నా మొదటి సందేహం వేరే. ఆ నంబర్లు మీకెలా వచ్చాయి? ఆ రైతే ఇచ్చి ఉంటే ఒక దారి. రైతు సేవా కేంద్రంలోనో, సొసైటీలోనో ఎవరో స్నేహం మీద ఇచ్చిన జాబితా అయితే ఆ నంబర్లకి మెసేజ్ పెట్టకండి. వాళ్ళు నంబర్ ఇచ్చింది ఎరువుల కోసమో, ధాన్యం కొనుగోలు కోసమో. మీ కోసం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకి కొన్ని మినహాయింపులున్న మాట నిజమే. కానీ చట్టం సంగతి అలా ఉంచి మనిషిని చూడండి. తెలియని నంబర్ నుంచి "మీ కౌలు వివరాలు చెప్పండి" అని వస్తే, ఓటీపీ మోసాల గురించి రోజూ వింటున్న మనిషి బ్లాక్ చేస్తాడు. మర్నాడు మీరే ఎదురుగా నిలబడినా నమ్మడు.

తనే నంబర్ ఇచ్చినవాళ్ళకి మొత్తం మూడు రిమైండర్లు. ముందు ఒక మెసేజ్, నాలుగైదు రోజులాగి ఒక ఫోను, ఇంకో వారానికి ఆఖరి మెసేజ్. అదే వాక్యాన్ని మూడుసార్లు పంపితే ఫలితముండదు. రెండోసారి ఫోనులో కొత్త సంగతి ఏదో చెప్పాలి: ప్రశ్నలు తగ్గించామనో, మీకు వీలైన చోటికే వస్తామనో. మూడోది ఆఖరిదని అందులోనే రాయాలి. నేను వాడే ఆఖరి మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే అండి. పోయిన వారం ఫోన్ చేసిన యూనివర్సిటీ విద్యార్థిని. వ్యవసాయం మీద నా సర్వేకి అరగంట పడుతుంది. బుధ, గురువారాల్లో సాయంత్రం మీ ఊళ్ళోనే ఉంటాను. వీలైతే టైము చెప్పండి. ఇష్టం లేకపోతే వద్దు అని పెట్టండి, జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఇదే నా ఆఖరి మెసేజ్."

"వద్దు" అని వచ్చే మెసేజ్‌లు కూడా మంచివే. తేలని ఇల్లు తేలినట్టవుతుంది, మీకు ఒక ప్రయాణం తప్పుతుంది.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఊరి వాట్సాప్ గ్రూపులో "ఈ కిందివారు ఇంకా సర్వేకి రాలేదు" అని పేర్లు పెట్టడం. ఒక బృందం ఇలా చేయడం కళ్ళారా చూశాను. వాళ్ళకి అది రిమైండర్. ఆ గ్రూపులో ఉన్న కామందులకి అది తమ చేలు చేస్తున్నవాళ్ళ పేర్ల జాబితా, తమ కౌలుదారు ఎవరికో లెక్కలు చెప్పబోతున్నాడన్న కబురు. సర్పంచ్‌ చేతో, పెట్టుబడి పెట్టిన కమీషన్ వ్యాపారి చేతో "కాస్త చెప్పండి" అనిపించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. రేటు తప్పకుండా పెరుగుతుంది. వ్యాపారికి ధాన్యం అమ్మాల్సిన మనిషి ఆయన మాట ఎలా కాదంటాడు? కానీ అలా వచ్చినవాడు కూర్చుని "అంతా బాగానే ఉందండీ" అని చెప్పి పోతాడు. అప్పు ప్రశ్నకి సున్నాలు వరసగా వస్తుంటే ఎవరో వెనక నుంచి తోలారని అర్థం చేసుకోండి.

ఇక తలుపు వేసినవాళ్ళు. ఇది రిమైండర్‌తో తీరేది కాదు.

ఒక సంగతి చెప్తాను. వైనతేయ పాయ ఒడ్డున ఒక ఊళ్ళో మేము చేసిన కౌలు సర్వేలో ఒకాయన చక్కగా అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టాడు. వద్దన్నా బొండం కొట్టించి ఇచ్చాడు. పేరు, వయసు, ఎన్ని ఎకరాలు, అన్నీ "ఆయ్, రాసుకోండి" అంటూ చెప్పాడు. నాలుగో ప్రశ్న: భూమి యజమాని పేరు. ఆయన చేతిలో చుట్ట ఆగిపోయింది. "కామందు గారి పేరు మీకెందుకండీ?" అన్నాడు. మా కుర్రాడు ఫారంలో ఉందండీ అన్నాడు. ఆయన లేచి, "మా ఆవిడ పిలుస్తోంది" అని లోపలికి వెళ్ళిపోయాడు. లోపల ఎవరూ పిలవలేదు. ఆ సాయంత్రం ఆ పేటలో మరో ఆరిళ్ళల్లో "తీరిక లేదండి" అన్నారు. రిజిస్టర్‌లో అవి ఏడు తిరస్కరణలు. నిజానికి అది ఒక ప్రశ్న చేసిన పని.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. డెల్టాలో కౌలు ఎక్కువగా నోటిమాట మీద నడుస్తుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకి కార్డు వస్తుంది. కానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే ఎప్పటికైనా భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని అనుమానం. కాగితం మీద తన పేరు ఎక్కించాడని తెలిస్తే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందని కౌలుదారు భయం. మీరు అడిగేది ఒక పేరే. ఆయనకి కనిపించేది వచ్చే సార్వా.

అందుకని నమ్మకం అంటే నవ్వుతూ మాట్లాడటం, పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్ళడం అనుకోకండి. నమ్మకంలో సగం ప్రశ్నల కాగితంలోనే ఉంటుంది. యజమాని పేరు మీ థీసిస్‌లో ఏ పట్టికలోకి వెళ్తుంది? ఏ పట్టికలోకీ వెళ్ళదు. మీకు కావలసింది యజమాని ఊళ్ళో ఉంటాడా, బయట ఉంటాడా, చుట్టమా, పరాయా. అది అడగండి, చెప్తారు. మేము ఆ పేరు తీసేసి ఈ రెండు ప్రశ్నలు పెట్టాక మిగతా ఊళ్ళల్లో ఆ చోట ఎవరూ లేచి వెళ్ళలేదు. సర్వే నంబర్ అడగకండి. ఆధార్ అడగకండి, అడగబోమని ముందే చెప్పండి. ఫొటో తీయకండి. పేరు, ఫోన్ నంబర్ ఉన్న పేజీకి ఒక కోడ్ వేసి, జవాబుల నుంచి విడదీసి వేరే చోట దాచండి. ఆ పని ఆయన కళ్ళ ముందే చేయండి. కాగితం చింపి వేరే కవర్లో పెట్టడం చూసిన మనిషికి "గోప్యంగా ఉంచుతాం" అన్న మాట వేరే చెప్పక్కర్లేదు.

మొదటి నిమిషంలో మీరు ఎవరు కాదో కూడా చెప్పాలి. "సచివాలయం నుంచా?" అనే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అవునన్నట్టు తల ఊపితే తలుపులు తెరుచుకుంటాయి. అది చాలామంది చేసే పాపం. ప్రభుత్వ సర్వే అనుకుంటే రేషన్ కార్డు పోతుందేమోనని భూమి తగ్గించి చెప్పేవాడు ఒకడు, ఏదో వస్తుందని నష్టం పెంచి చెప్పేవాడు ఇంకొకడు. స్పష్టంగా చెప్పేయండి: "ప్రభుత్వం నుంచి కాదండి, నా చదువు కోసం. చెప్పడం వల్ల కార్డు గానీ లోను గానీ రాదు, చెప్పకపోతే ఉన్నదేదీ పోదు. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు." దీంతో కొందరు లేచి వెళ్ళిపోతారు, నిజమే. ఒకసారి మా కంటే ముందు ఒక బృందం ఊళ్ళోకి వచ్చి, ఇళ్ళు మంజూరవుతాయని ఆశపెట్టి వివరాలు రాసుకుపోయింది. వాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. రెండేళ్ళ తర్వాత ఆ ఊరికి వెళ్ళిన మాకు మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. కోనసీమలో మంచినీళ్ళివ్వలేదంటే ఎంత మండి ఉండాలో ఆలోచించుకోండి.

మీ 24 మందిలో "నాకు ఇష్టం లేదు, రావద్దు" అన్నవాళ్ళని అక్కడితో వదిలేయాలి. "ఇప్పుడు కాదు", "మాకేం తెలుసండీ" అన్నవాళ్ళు వేరు. వాళ్ళ దగ్గరికి ఒకే ఒక్కసారి, వేరే మనిషి వెళ్ళొచ్చు. మొదట కుర్రాడు వెళ్ళి ఉంటే రెండోసారి ఆడమనిషి వెళ్ళి ఇంటావిడతో మాట్లాడితే చాలాసార్లు మాట కలుస్తుంది. కౌలు లెక్కలు ఆవిడకీ తెలుసు, కొన్నిళ్ళల్లో ఆయన కంటే బాగా తెలుసు. అయితే ఆవిడ చెప్తున్నప్పుడు ఆయన వచ్చి వద్దంటే అక్కడితో ఆపేయాలి.

ఇక ప్రశ్నల సంఖ్య. 68 అనేది పెద్ద తప్పేం కాదు, 50 నిమిషాలే తప్పు. పదిహేను నిమిషాల్లో అయిపోయే 68 ప్రశ్నలుంటాయి, గంట తినే ఒక పట్టిక ఉంటుంది. ఎక్కడ టైము పోతోందో ఊహించకండి, కొలవండి. మీరు ఫోనులో, ఓడీకే, కోబోటూల్‌బాక్స్ లాంటి సర్వే యాప్‌లతో చేస్తుంటే ఫారం తయారుచేసిన ఫైల్లోని survey షీట్‌లో ఈ ఒక్క వరస చేర్చండి:

```
type     name
audit    audit
```

ప్రతి ఫారంతో పాటు `audit.csv` అనే ఫైలు వస్తుంది. ఏ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగారో అందులో తెలుస్తుంది. లొకేషన్ పారామీటర్లు విడిగా చేర్చితే తప్ప ఇది మనిషి ఉన్న చోటు నమోదు చేయదు. చేర్చకండి. ఫారంలో ఇంకెక్కడైనా జీపీఎస్ ప్రశ్న పెట్టి ఉంటే అది ఎందుకో జవాబిచ్చేవాళ్ళకి చెప్పాలి, లేదా తీసేయాలి. చేను ఎక్కడుందో చెప్పే పటం, పేరు తీసేసినా, ఊళ్ళో అందరికీ పేరు చెప్పినట్టే.

కాగితం మీద చేస్తుంటే మధ్యలో ఆపేసిన ఆ 12 ఫారాలు తీసి ఆఖరి జవాబు ఎక్కడుందో గీత గీయండి. నా అనుభవంలో ఆ గీతలు రెండు చోట్ల గుమిగూడతాయి: పెట్టుబడి ఖర్చుల పట్టిక, ఇంట్లో సామాన్ల జాబితా. ఖర్చుల పట్టికలో దుక్కి, నారు, నాట్లు, ఎరువు, పురుగు మందు, కోత, నూర్పిడి, మోత, అన్నీ రెండు పంటలకీ, మూడు పొలం చెక్కలకీ విడివిడిగా అడిగితే ఎవరికైనా ఓపిక పోతుంది. అన్నిటికంటే పెద్ద చెక్క ఒకటే తీసుకుని, పోయిన పంటకి మాత్రమే అడగండి. ఎకరానికి లెక్కే కదా మీకు కావలసింది.

మిగతా ప్రశ్నలకి ఒక పరీక్ష పెట్టండి. థీసిస్‌లో వచ్చే పట్టికలన్నీ ఖాళీగా, శీర్షికలతో ముందే గీసుకోండి. ప్రతి ప్రశ్ననీ ఒక గడిలో పెట్టండి. గడి దొరకని ప్రశ్నని కొట్టేయండి. "ఎందుకైనా మంచిది" అని పెట్టిన ప్రశ్నలు ప్రతి ఫారంలోనూ మూడోవంతుకి తక్కువుండవు. గేదెల మీద తొమ్మిది ప్రశ్నలు చూసి, మీది పాడి సర్వేనా అని ఒక రైతే మమ్మల్ని అడిగాడు.

మీకు ఇంకో చిక్కుంది. 103 మంది ఇప్పటికే పాత ఫారం నింపారు. కాబట్టి ఇప్పుడు ప్రశ్నలు తీసేయండి గానీ ఉంచినవాటి మాటలు, వరస మార్చకండి. మారిస్తే తేడా జనంలో ఉందో ఫారంలో ఉందో చెప్పలేరు. యజమాని పేరు లాంటి ప్రశ్న బదులు కొత్తది పెట్టాల్సి వస్తే చివర పెట్టి, ఫారానికి రెండో రూపం అని గుర్తు వేయండి. పాత ఫారాల్లోని యజమానుల పేర్లు కనిపించకుండా ఇంకుతో కొట్టేయండి. కంప్యూటర్లోకి ఎక్కించి ఉంటే ఆ కాలమ్ తుడిచేయండి.

సమయం ఎంతో నిజం చెప్పాలి. 2009లో గలెసిక్, బోస్న్యాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆన్‌లైన్ సర్వేలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి పది నిమిషాలని, కొందరికి ఇరవై, కొందరికి ముప్ఫై అని చెప్పారు. చెప్పిన సమయం పెరిగేకొద్దీ మొదలుపెట్టినవాళ్ళు తగ్గారు. చివర్లో వచ్చిన ప్రశ్నలకి జవాబులు కురచగా, ఒకే మూసలో వచ్చాయి. ఇది చూసి తక్కువ చెప్తే పోలేదా అనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో అబద్ధం ఆ ఒక్కడి దగ్గరే ఆగుతుంది. పేటలో అలా కాదు. "పావుగంటన్నాడు, గంట కూర్చోబెట్టాడు" అన్న మాట మీరు వీధి చివరికి చేరేలోపే అక్కడికి చేరుతుంది. మీ ఫారం 25 నిమిషాలకి దిగాక అరగంట అని చెప్పండి. అంతకంటే ముందే ముగిస్తే మరీ మంచిది.

డబ్బులివ్వాలా అని ఎలాగూ అడుగుతారు కాబట్టి: పనివేళలో కూర్చోబెడితే పోయిన కూలికి సరిపడా ఇవ్వండి, అందరికీ ఒకటే ఇవ్వండి, మొదలుపెట్టే ముందే చేతిలో పెట్టండి, మధ్యలో లేచినా వెనక్కి అడగకండి. సాయంత్రం వెళ్తే సాధారణంగా ఆ అవసరం రాదు.

ఇప్పుడు మీ గైడ్ అడిగిన 70. పైన వేసుకున్న అంకెలతోనే చూద్దాం. తాళం వేసిన 61లో 24 మంది దొరికి చెప్పారని, ఇంకో అయిదు ఇళ్ళు అసలు పరిధిలోకి రావని తేలిందని అనుకుందాం. తర్వాత రమ్మన్న 22లో 11, ఆపేసిన 12లో నలుగురు పూర్తిచేస్తే మొత్తం 142. కింద 217. అంటే 65 శాతం. ఇది అన్నీ కలిసొస్తే వచ్చే అంకె. 70 రాకపోవచ్చు, దానికోసం గట్టిగా వద్దన్న ఆ 24 మంది మీద పడకండి.

గైడ్ దగ్గరికి ఒక్క శాతం పట్టుకుని వెళ్ళకండి. గ్రోవ్స్, పేట్చెవా 2008లో చాలా సర్వేలని కలిపి చూసి తేల్చింది ఏమిటంటే, స్పందన రేటు ఒక్కటే చూసి ఫలితం ఎంత వంకరపోయిందో చెప్పలేం. రానివాళ్ళు వచ్చినవాళ్ళ కంటే ఎంత వేరుగా ఉన్నారన్నదే అసలు సంగతి. అది మీరు చూడగలరు, ఎందుకంటే 240 ఇళ్ళ జాబితా మీ దగ్గరుంది. ఏ ఊరు, ఏ పేట, జాబితాలో ఎన్ని ఎకరాలు, ఈ మూడూ మొత్తం 240కి ఒక వరసలో, పూర్తయిన 103కి ఒక వరసలో వేసి చూడండి.

ఉదాహరణకి మీ అయిదింటిలో ఒకటి లంక గ్రామం అనుకోండి. 103లో 92 రోడ్డు మీదున్న నాలుగు ఊళ్ళవి, లంకలో 11 మాత్రమే అయ్యాయనుకోండి. అక్కడ సగానికి దగ్గరగా, ఇక్కడ నాలుగోవంతు కూడా లేదు. ఎందుకో తెలిసిందే, పంటు ఎక్కి గోదారి దాటి సాయంత్రం వెళ్తే తిరిగి రావడానికి ఉండదని మీ కుర్రాళ్ళు పగలే వెళ్ళొచ్చారు. వరి చేలల్లో మక్తా బస్తాల్లో ఉంటుంది, అరటి, కూరగాయలు వేసే లంక భూముల్లో చాలాచోట్ల డబ్బుగా ముందే కట్టాలి. లంకవాళ్ళు తగ్గితే మీ థీసిస్‌లో ముందస్తు కౌలు కట్టేవాళ్ళ భారం తక్కువగా కనిపిస్తుంది. రోడ్డు ఊళ్ళల్లో ఇంకో ఇరవై ఫారాలు తెస్తే రేటు పెరుగుతుంది, ఈ తప్పు అలాగే ఉంటుంది. లంకలో పది తెస్తే రేటు అంతగా పెరగదు, కానీ లెక్క నిటారవుతుంది. అందుకని మిగిలిన డబ్బూ రోజులూ ముందు అక్కడ పెట్టండి. ఇద్దరు కుర్రాళ్ళకి లంకలోనే రెండు రాత్రులు బస చూడండి. గోదారికి వరద నీరు రాకముందే, అంటే జూలై లోపు ఆ ఊరు ముగించండి. వరద వస్తే మీరు వెళ్ళలేరు, వెళ్ళినా వాళ్ళు గొడ్డూ గోదా గట్టుకి చేర్చుకునే గొడవలో ఉంటారు.

ఊరివారీగా ఆ పట్టిక, కఠిన సూత్రంతో వచ్చిన రేటు, నాలుగుసార్లు ఏ వేళల్లో వెళ్ళారో చూపించే రిజిస్టర్, గట్టిగా వద్దన్నవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదన్న ఒక వాక్యం, ఇవి పెట్టి చూపించండి. అప్పటికీ 70 కావాలని పట్టుబడితే పక్కింటివాళ్ళని కలిపితే ఎవరెవరు చేరతారో పైన చెప్పిన లెక్క ఆయన ముందే వేసి చూపించండి.